టెన్త్ పిల్లలకి గ్రూపుల క్లాస్ ఎలా పెట్టాలి? రెండు పీరియడ్ల ప్లాన్

"అన్నా, నేను జెడ్పీ హైస్కూల్లో టీచర్ని. టెన్త్ పిల్లలకి ఏ గ్రూప్ తీసుకోవాలో చెప్పమని హెడ్మాస్టర్ గారు రెండు పీరియడ్లు ఇచ్చారు. ఎంపీసీ, బైపీసీ, సీఈసీ గురించి ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి?"

టీచర్ గారూ, ముందు ఒక్క మాట. ఈ క్లాస్ మార్చి పరీక్షలయ్యాక పెట్టొద్దు, డిసెంబర్లోనో జనవరిలోనో పెట్టండి. పరీక్షలయ్యేసరికి కాలేజీల వాళ్లు ఇళ్లకి వచ్చి, నాన్నతో మాట్లాడి, అడ్వాన్స్ కూడా తీసుకెళ్లిపోయుంటారు. ఇంక అప్పుడు మీరు ఎంత చెప్పినా పిల్ల చేతిలో ఏముంటుంది చెప్పండి.

మొదటి పీరియడ్లో వెళ్లగానే ఎంపీసీ అంటే ఇది, బైపీసీ అంటే ఇది అని మొదలుపెట్టకండి. పది నిమిషాలు మీరేం చెప్పకుండా ఒక్కొక్కరికీ ఒక చిన్న కాగితం ఇచ్చి, ఏ గ్రూప్ అనుకుంటున్నావ్, ఎందుకు అని ఒక్క వాక్యం రాయమనండి. పేరు వద్దు, దాని బదులు వాళ్లకి గుర్తుండేలా ఏదో ఒక బొమ్మ వేసుకోమనండి. నేను ఏ స్కూల్కి వెళ్లినా ముందు ఇదే చేస్తా, ఎక్కువ కాగితాల్లో కనిపించే కారణాలు మూడే, నాన్న చెప్పాడు, ఫ్రెండ్ చేరుతోంది, లెక్కలంటే భయం. అవి చదివి అప్పుడే తప్పని దిద్దకండి, తిట్టకండి, దాచిపెట్టండి. చివర్లో వాటితో పనుంది.

తర్వాత బోర్డు మీద కుడి చివర ఒక ఉద్యోగం రాసి అక్కణ్ణుంచి వెనక్కి రండి. నేను నర్స్ తీసుకుంటా, ఎందుకంటే ప్రతి ఊళ్లో ఎవరో ఒకరు ఉంటారు. నర్స్ కావాలి, దానికి బీఎస్సీ నర్సింగ్, నాలుగేళ్లు, దానికి ఇంటర్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఉండాలి, అంటే బైపీసీ. ఇట్లా కుడి నుంచి ఎడమకి గీత గీస్తే పిల్లలకి వెంటనే అర్థమవుతుంది, గ్రూప్ అనేది పరువు కాదు, దారిలో ఉన్న గేటు అని. ఇంకో గీత బ్యాంకు ఉద్యోగానికి గీయండి, దానికి ఏదైనా డిగ్రీ చాలు, అంటే గ్రూప్ ఏదైనా ఫర్వాలేదు. సివిల్స్‌కీ అంతే, ఏ డిగ్రీ అయినా పర్లేదు. ఇవి రెండూ పక్కపక్కన పెట్టినప్పుడే క్లాసులో ప్రశ్నలు మొదలవుతాయి.

ఇప్పుడు అసలు విషయం. ఏ గ్రూప్ మంచిది అనే మాట ఎత్తకండి, ఏ గ్రూప్ తీసుకుంటే ఏ గేటు మూసుకుంటుందో చెప్పండి. ఎంపీసీ తీసుకుంటే ఎంబీబీఎస్, వెటర్నరీ దారి మూసుకుంటుంది. బైపీసీ తీసుకుంటే మామూలు బీటెక్ బ్రాంచీలు, ఆర్కిటెక్చర్, పైలట్, ఎన్డీఏలో ఎయిర్ ఫోర్స్, నేవీ పోతాయి. సీఈసీ తీసుకుంటే పైవన్నీ పోతాయి, కానీ లా, సీఏ, బీకామ్, టీచర్ ట్రైనింగ్‌కి డీఈఈసెట్, గ్రూప్-1, గ్రూప్-2 ఉద్యోగాలు, బ్యాంకులు అన్నీ తెరిచే ఉంటాయి. తర్వాత మార్చుకోవచ్చు కదా అని ఒకరు తప్పకుండా అడుగుతారు. ఎంపీసీ చదివినవాళ్లు తర్వాత బయాలజీని అదనపు సబ్జెక్టుగా పాసై నీట్ రాయొచ్చని 2023 నవంబర్లో డాక్టర్ చదువుల్ని చూసే ఎన్ఎంసీ చెప్పింది, నిజమే, కానీ అంటే మళ్లీ చదవాలి, మళ్లీ పరీక్ష రాయాలి, ఫీజు కట్టాలి. ఉందని చెప్పండి, ఈజీ అని మాత్రం చెప్పకండి. పాలిటెక్నిక్ ఊసు కూడా ఒకసారి ఎత్తండి, టెన్త్ తర్వాత పాలీసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేసి, ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లొచ్చు.

మధ్యలో ఒక వారం గ్యాప్ ఇవ్వండి, ఇది ముఖ్యం. వారంలో ప్రతి పిల్లా తను అనుకుంటున్న పని చేసే ఒక మనిషిని కలిసి రెండే ప్రశ్నలు అడగాలి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తారు, ఇంటర్లో ఏం చదివారు. మోటివేషన్ స్పీచ్ కన్నా ఈ రెండు ప్రశ్నలు బాగా పనిచేస్తాయి.

రెండో పీరియడ్ టేస్ట్ లాంటిది, అంటే మార్కుల టెస్ట్ కాదు, రుచి చూడటం. సీనియర్ల దగ్గర ఇంటర్ ఫస్టియర్ ఫిజిక్స్, కామర్స్ పాత పుస్తకాలు తెప్పించండి. బోర్డు మీద ఒక లెక్క వెయ్యండి: బంతిని సెకనుకి 20 మీటర్ల వేగంతో, నేలకి 30 డిగ్రీల కోణంలో విసిరితే ఎంత ఎత్తుకి వెళ్తుంది? పైకి వెళ్లే వేగం 20 × sin 30° = 10, g = 10 అనుకుంటే పైకి చేరడానికి 1 సెకను, ఎత్తు 5 మీటర్లు. సైన్ 30 టెన్త్‌లోనే నేర్చుకున్నారు, కాబట్టి ప్రయత్నం చెయ్యగలరు. చేశాక చెప్పండి, ఈ ఫిజిక్స్ ఎంపీసీ వాళ్లదే కాదు బైపీసీ వాళ్లది కూడా, నీట్‌లో 180 ప్రశ్నల్లో 45 ఫిజిక్సే. లెక్కలు తప్పించుకుందామని బైపీసీ రాసిన పిల్లల ముఖాలు అప్పుడు చూడాలి. తర్వాత కామర్స్: షాపుకి 5000 రూపాయల సరుకు నగదుకి కొన్నాం, ఖాతాలో ఏం రాయాలి? కొనుగోళ్ల ఖాతా డెబిట్, నగదు ఖాతా క్రెడిట్. ఎందుకు అట్లా అని పిల్లల్నే వాదించుకోనివ్వండి, పదిహేను నిమిషాలు మీరు మాట్లాడకపోయినా పర్లేదు.

ఒక స్కూల్లో ఒక పాప మొదట కాగితం మీద రాసింది, బైపీసీ, ఎందుకంటే లెక్కలుండవు. బొమ్మ నెమలి ఈక. బంతి లెక్క దగ్గర ఆగిపోయింది, కామర్స్ ఎంట్రీ చకచకా రాసేసింది, వాళ్లమ్మది కిరాణా కొట్టు. నేనైతే సీఈసీకి మారుతుందనుకున్నా. కానీ వారంలో పీహెచ్‌సీ నర్సమ్మని కలిసొచ్చింది, నైట్ డ్యూటీ గురించి, సూది మందుల గురించి అన్నీ చెప్పింది, నాకు అదే కావాలి సార్ అంది. నర్స్ గీత వైపు చూపించా, గేటు బైపీసీ. మరి ఫిజిక్స్ సంగతేంటి అంటే, ఎండాకాలం సెలవుల్లో త్రికోణమితి మళ్లీ మొదటినుంచి చేస్తా అంది.

చివర్లో మళ్లీ అవే కాగితాలు ఇచ్చి వెనక వైపు రాయమనండి. గ్రూప్ మారిందా లేదా అని చూడకండి, కారణం మారిందా చూడండి. ఫ్రెండ్ చేరుతోంది అని ఇంకా రాసినవాళ్లని విడిగా పిలిచి, ఇంట్లోవాళ్లతో కూడా మాట్లాడండి. నెమలి ఈక కాగితం వెనక ఇట్లా ఉంది: బైపీసీ. బీఎస్సీ నర్సింగ్‌కి అదే కావాలి. ఫిజిక్స్‌లో లెక్కలుంటాయని తెలుసు.