లోగో చుట్టూ తెల్ల అంచు: మ్యాజిక్ వాండ్ ముట్టుకోకుండా తీసేద్దాం

"అన్నా, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీదున్న మెరూన్ లోగోను కట్ చేసి నల్ల పోస్టర్ మీద పెడితే చుట్టూ తెల్లగా గీత వస్తోంది. మ్యాజిక్ వాండ్‌లో టాలరెన్స్ పెంచితే గీత పోతోంది గానీ అంచులు రంపపు పళ్ళలా అవుతున్నాయి. ఏం చేయాలి?"

ముందు ఆ అంచును బాగా జూమ్ చేసి చూడండి. మెరూన్ 128, 0, 0 అనుకుందాం, తెలుపు 255, 255, 255. ఈ రెండింటి మధ్య అంచున లేత గులాబీ పిక్సెల్స్ ఒక వరుస ఉంటుంది, దాదాపు 192, 128, 128. అంటే సగం మెరూన్, సగం తెలుపు. అంచు నున్నగా కనబడేది వాటివల్లే. వాండ్‌తో వాటిని ఉంచేస్తే నల్లటి పోస్టర్ మీద తెల్ల గీతలా మెరుస్తాయి, తీసేస్తే పళ్ళు తేలతాయి. కాబట్టి పిక్సెల్‌ను ఉంచి, అందులో కలిసిన తెలుపును మాత్రమే తీయాలి.

ఫోటోషాప్‌లో ఒరిజినల్ ఫైల్ తెరిచి Channels ప్యానెల్‌కు వెళ్ళండి. లోగో ఏ ఛానెల్‌లో బాగా నల్లగా ఉందో చూడండి. మెరూన్‌కైతే Green. అక్కడ లోగో విలువ 0, తెలుపు 255, ఆ అంచు పిక్సెల్ 128. ఎంత భాగం లోగో, ఎంత భాగం తెలుపు అన్న లెక్క ఆ ఛానెల్‌లోనే ఉంది చూడండి! Ctrl పట్టుకుని Green థంబ్‌నెయిల్ మీద క్లిక్ చేస్తే తెలుపు సెలెక్ట్ అవుతుంది. Ctrl+Shift+I కొడితే తిరగబడి లోగో సెలెక్ట్ అవుతుంది. ఇక్కడ కదిలే చుక్కల గీత గరుకుగా కనబడినా కంగారు పడొద్దు, సగానికి పైగా సెలెక్ట్ అయిన పిక్సెల్స్ చుట్టూ మాత్రమే అది గీస్తుంది.

ఇప్పుడు Layer > New Fill Layer > Solid Color. రంగును లోగోలో దళసరిగా ఉన్న చోట, నడిమధ్య నుంచి తీసుకోండి. సెలెక్షన్ దానంతటదే మాస్క్ అయిపోతుంది. ఈ లేయర్‌ను పోస్టర్‌లోకి లాగితే చాలు, అంచులో ఇక తెలుపు ఉండదు.

వాట్సాప్‌లో వచ్చిన జేపెగ్ అయితే అక్షరాల చుట్టూ మసక మచ్చలు మిగులుతాయి. మాస్క్ మీద క్లిక్ చేసి Ctrl+L కొట్టి, నల్ల స్లైడర్‌ను కొంచెం లోపలికి జరపండి. మచ్చలు పోగానే ఆపేయాలి, ఇంకా జరిపితే మళ్ళీ పళ్ళే.

లోగో లోపల తెల్ల అక్షరాలుంటే అవి కూడా ఖాళీ అయిపోతాయి, వాటి కింద తెల్ల షేప్ పెట్టుకోండి. నాలుగైదు రంగుల లోగోకు ఈ పద్ధతి కుదరదు. అప్పుడు కట్ చేసిన లేయర్ మీద Layer > Matting > Defringe, 1 పిక్సెల్. అంచు రంగును లోపలి రంగుతో మారుస్తుంది, సన్నని గీతలున్న చోట మాత్రం నమ్మలేం.

సేవ్ చేసేటప్పుడు పీఎన్‌జీ ఎంచుకోండి. జిఫ్‌లో సగం పారదర్శకత ఉండదు, అంచు మళ్ళీ తెగిపోతుంది.