ఒక్క యాసంగికి పొలం కౌలుకిస్తూ ఉత్తరం రాయడం: నీళ్ల పేరా దగ్గర ఆగండి

నమస్తే అండీ. స్క్రీన్ కనిపిస్తోంది కదా? ఖాళీ డాక్యుమెంటే. మనమిప్పుడు రాసేది హైదరాబాద్‌లో ఉండే ఒక పట్టాదారు ఊళ్లో ఉన్న పొలాన్ని ఒక అన్నకు ఈ ఒక్క యాసంగికి కౌలుకిస్తానని పంపే ఉత్తరం. పొలం భువనగిరి వైపు అనుకుందాం. రెండెకరాల ఇరవై గుంటలు, ఒక బోరు, 5 హెచ్‌పీ మోటారు.

పైన తేదీ, నవంబరు 1. నారు పోయకముందే ఉత్తరం చేరాలి, లేకపోతే ఆయన ఇంకో పొలం చూసుకుంటాడు. తర్వాత 'అన్నకు నమస్తే', పేరు, ఊరు. ఇవి మీరే రాసుకుంటారు, నేను ముందుకెళ్తున్నా.

నేను తెలుగు టైపు చేయను, మాట్లాడతా. క్రోమ్‌లో గూగుల్ డాక్స్ తెరిచి `Ctrl+Shift+S` నొక్కితే మైకు వస్తుంది, భాష తెలుగు పెట్టుకోండి. హాయిగా ఉంటుంది. సర్వే నంబరు మాత్రం చేత్తోనే కొట్టండి. 214/అ అని మీరంటే అది 214/ఆ అని రాస్తుంది, అది పక్కోళ్ల చెలక అయి కూర్చుంటుంది. పాస్‌బుక్కు పక్కన పెట్టుకుని చూసి కొట్టండి.

విస్తీర్ణం. ఇక్కడ 2.20 అని రాసి వదిలేయకండి. పాస్‌బుక్కు లెక్కలో 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి నలభై గుంటలు కాబట్టి అది రెండున్నర ఎకరాలు. క్యాలిక్యులేటర్‌కి ఆ సంగతి తెలియదు కదా! ఎకరానికి పదివేలు అనుకుని 2.20ని గుణిస్తే 22,000 చూపిస్తుంది, అసలు రావాల్సింది 25,000. అందుకే అక్షరాల్లో, 'రెండు ఎకరాల ఇరవై గుంటలు'. అయిపోయింది.

కౌలు. మన పొలంలో మొత్తం వరికి నీళ్లు చాలవు, ఎందుకో ఇప్పుడే చెప్తా. ఎకరం ఇరవై గుంటల్లో వరి, మిగతా ఎకరంలో నువ్వులు. వరికి ఎకరానికి 10,000, నువ్వులకు 6,000 పెట్టా. ఈ రేటు నేను అనుకున్నది, మీ ఊరి రేటు మీరు రాసుకోండి. పదిహేను వేలు, ఆరువేలు, మొత్తం 21,000. సగం, అంటే 10,500, నాట్లకు ముందు. మిగతాది పంట అమ్మిన పది రోజుల్లో. 'ఫోన్‌పే చేసినా చేతికిచ్చినా ముట్టినట్టు మెసేజ్ పెడతాను' అని పట్టాదారు వైపు నుంచి ఒక ముక్క రాయండి.

ఇప్పుడు నీళ్లు. ఇక్కడ మెల్లగా వెళ్దాం. నేను చూసిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకటే లైను ఉంటుంది: 'బోరు నీళ్లు ఉన్నాయి.' నవంబరులో ఉన్నాయి, నిజమే. వానాకాలం ఇప్పుడే అయిపోయింది, బోరు నిండుగా పోస్తుంది. మార్చిలో సంగతేంటి? వరి పొట్ట మీదుంటుంది, గింజ పాలు పోసుకుంటుంటుంది, సరిగ్గా అప్పుడే బోరు ఆగి ఆగి పోస్తుంది. కాసేపు నీళ్లు, కాసేపు గాలి. ఆ రోజు గట్టు మీద మొదలయ్యే పంచాయితీకి జవాబు ఈ పేరాలో ఉండాలి.

ముందు కొలవండి. మోటారు రెండు గంటలు ఆపకుండా నడవనివ్వండి. వేయగానే కొలిస్తే నిలవ నీళ్లే కనిపిస్తాయి. ఆ తర్వాత 200 లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కండి. మన బోరుకి 80 సెకన్లు పట్టిందనుకోండి. అంటే గంటకు 9,000 లీటర్లు. తొమ్మిది గంటలు నడిపితే 81,000. ఎకరంలో ఒక సెంటీమీటరు ఎత్తు నీళ్లు పెట్టాలంటే సుమారు 40,000 లీటర్లు కావాలి. ఎండలు ముదిరాక వరి మడి రోజుకు దాదాపు అంత తాగుతుంది. ఇసుక నేలైతే ఇంకా ఎక్కువే. లెక్క ప్రకారం రెండెకరాలకు సరిపోతుంది. కానీ ఇది నవంబరు లెక్క! అందుకే ఎకరంన్నరే వరి, మిగతాది ఆరుతడి.

ఇదిగో, ఇలా రాస్తున్నా: 'ఈ రోజు డ్రమ్ము 80 సెకన్లలో నిండింది. మార్చిలోనూ ఇంతే పోస్తుందని నేను మాట ఇవ్వడం లేదు. బోరు తగ్గి వరి ఎండితే, ఎండిన ప్రతి గుంటకు కౌలులో 250 రూపాయలు తగ్గిస్తాను. ఎంత ఎండిందో మనిద్దరం, పక్క పొలం రైతు కలిసి చూసి రాసుకుందాం.' పదివేలను నలభైతో భాగిస్తే 250, అంతే. ఇరవై గుంటలు ఎండితే 5,000 పోతుంది. 'చూసి తగ్గిస్తాను' అని మాత్రం రాయకండి. ఎవరు చూడాలి, ఎంత తగ్గించాలి?

మోటారు కాలిపోతే? కరెంటు ఉచితమే, వైండింగ్ ఉచితం కాదు కదా. 'మోటారు కాలితే నన్ను అడిగేదాకా ఆగకుండా వెంటనే బయటికి తీయించి షాపుకి తీసుకెళ్లండి. బిల్లు ఫోటో పంపండి, ఖర్చు నాది, కౌలులో పట్టుకోండి. స్టార్టర్, ఫ్యూజుల పని మీది.' పట్టాదారు ఉప్పల్‌లో మీటింగులో ఉండి ఫోన్ ఎత్తకపోతే మడి ఆగుతుందా చెప్పండి! కొత్త బోరు వేసే సంగతి కూడా ఒక లైను: 'ఈ సీజన్‌లో కొత్త బోరు వేయను.' కఠినంగా ఉందా? ఉండనివ్వండి, ఆశ పెట్టి ఆపడం కంటే నయం.

పంట షరతులు గబగబా చూద్దాం. వరి, నువ్వులు తప్ప వేరేది వేయాలంటే ముందు అడగాలి. కొయ్యకాళ్లు కాల్చొద్దు. వరిగడ్డి ఎవరిదో రాయండి, బర్రెలున్న ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. ఇందులో గడ్డి రైతుదే అని పెట్టా. మే 10కి పొలం అప్పజెప్పాలి. 'ఈ ఒక్క యాసంగికే' అన్న మాట తప్పకుండా ఉండాలి.

రైతు భరోసా పట్టాదారు ఖాతాలోనే పడుతుంది. దాన్ని కౌలులో తగ్గిస్తున్నారా లేదా, ఏదో ఒకటి రాయండి. నా మాటడిగితే కొంతైనా తగ్గించాలి, దుక్కి దున్నేది ఆయన కదా. ఇంకోటి, కొనుగోలు కేంద్రంలో ఒడ్లు పట్టాదారు పాస్‌బుక్కు మీద అమ్మితే పైసలు పట్టాదారుకే రావచ్చు. అందుకే: 'ఒడ్ల పైసలు నా ఖాతాలో పడితే మూడు రోజుల్లో మీకు పంపిస్తాను, కౌలు బాకీ ఉన్నా ఆపను.' ఈ లైను చూస్తే కౌలురైతుకు సగం భయం పోతుంది. పంట నమోదుకు వ్యవసాయ శాఖ ఏఈఓ వచ్చినప్పుడు సాగు చేసేది ఎవరో చెప్పమని కూడా కలపండి.

ఒక సీజన్ కౌలుకు రిజిస్ట్రేషన్ కావాలా వద్దా అన్నది వకీలును అడిగి తేల్చుకోండి. తెలంగాణలో 1950 నాటి కౌలుదారీ చట్టం ఒకటి ఉంది. ఏటా అదే మనిషికి ఇస్తుంటే దాని గురించి కూడా అడగండి.

చివర్లో 'నవంబరు 10 లోపు చెప్పండి, ఆ తర్వాత వేరేవాళ్లను అడుగుతాను' అని తేదీ. దాని కింద 'ఒప్పుకుంటున్నాను', రైతు సంతకం, ఇద్దరు సాక్షులు. రెండు కాపీలు తీయండి. పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపి ఊరుకోకండి, ఫోన్ చేసి నీళ్ల పేరా మొత్తం చదివి వినిపించండి. ఆయన 'గుంటకు 250 తక్కువ, 300 చేయి' అంటే, ఇక్కడికే వచ్చి ఈ అంకె మార్చండి. `Ctrl+F` కొట్టి 250 వెతికితే దొరుకుతుంది.