ఒక్క రింగు వెనక: తెలియని విదేశీ నంబర్ల మిస్డ్ కాల్స్

అందరికీ నమస్కారం.

ఈ హాలులో ఉన్నవాళ్లలో చాలామంది పిల్లలు అమెరికాలోనో, కెనడాలోనో ఉన్నారని సంఘం కార్యదర్శి గారు చెప్పారు. అందుకే ఈరోజు ఒకే ఒక్క విషయం మాట్లాడతాను. తెల్లవారుజామున ఫోన్ ఒక్కసారి మోగి ఆగిపోతుంది. లేచి చూస్తే తెలియని నంబరు, ముందు ప్లస్ గుర్తు. తిరిగి చేయాలా, వద్దా?

నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం అంతర్జాతీయ కాల్స్ లెక్కలు చూసే విభాగంలో పనిచేశాను. ఎవరి ఫోన్ నుంచి ఏ దేశానికి ఎన్ని నిమిషాలు వెళ్లాయి, ఆ డబ్బు ఎవరికి ఎంత చేరాలి అన్నదే మా పని. కాబట్టి ఈ మోసాన్ని నేను డబ్బు దారి పట్టుకుని చెప్పగలను. అలా చెబితేనే ఇది అర్థమవుతుంది కూడా.

మా వీధిలో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఉన్నారు. కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. ఒక రాత్రి రెండున్నరకు ఆమె ఫోన్ ఒక్క రింగు మోగి ఆగింది. నంబరు +1 876తో మొదలైంది. కొడుకు నంబరు కూడా +1తోనే మొదలవుతుంది కదా, వాడే ఎవరి ఫోన్ నుంచో చేసి ఉంటాడు, ఏదైనా ఆపదేమో అని ఆమెకు టెన్షన్ పట్టుకుంది. వెంటనే తిరిగి చేశారు. అవతల రింగు వినిపిస్తూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. నాలుగు నిమిషాలు చూసి పెట్టేశారు. మళ్లీ చేసి మూడు నిమిషాలు ఆగారు. అప్పుడూ అంతే. నెలాఖరున పోస్ట్‌పెయిడ్ బిల్లులో ఆ రెండు కాల్స్ కనిపించాయి. ఆమె ప్లాన్‌లో ఆ నంబరుకు నిమిషానికి 80 రూపాయలు. ఏడు నిమిషాలకు 560, దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే 660 రూపాయల 80 పైసలు. "ఎవరూ ఎత్తని కాల్‌కు డబ్బు ఎలా వేస్తారండీ?" అని బిల్లు పట్టుకుని మా ఇంటికొచ్చారు.

ఆమె అడిగింది సరైన ప్రశ్న. జవాబు ఏమిటంటే, ఆ కాల్ ఎత్తారు. ఆమెకు వినిపించిన రింగు నిజమైన రింగు కాదు.

మనం ఎవరికైనా ఫోన్ చేసినప్పుడు అవతల ఎత్తేదాకా ఛార్జీ మొదలుకాదు. ఎత్తగానే అక్కడి నెట్‌వర్క్ నుంచి మన నెట్‌వర్క్‌కు ఒక సంకేతం వస్తుంది. ఆ క్షణం నుంచే మీటరు తిరుగుతుంది. మోసగాళ్లు కాల్ రాగానే యంత్రంతో ఎత్తిస్తారు. ఎత్తాక "హలో" అనరు, రింగు మోగుతున్నట్టు రికార్డు చేసిన శబ్దాన్ని వినిపిస్తారు. మనం ఇంకా ఎత్తలేదనుకుని ఓపికగా చెవికి ఆనించుకుని నిలబడతాం. కొన్నిచోట్ల పాట, కొన్నిచోట్ల "కాసేపు ఆగండి" అనే గొంతు పెడతారు. ఏది పెట్టినా మనల్ని లైన్లో ఆపడానికే.

దీన్ని పట్టుకోవడం తేలిక. చెవి మాట నమ్మకండి, తెర చూడండి. అవతల ఎత్తనంతసేపూ ఫోన్ తెరమీద సెకన్లు నడవవు. 00:01, 00:02 అని నడవడం మొదలైందంటే కాల్ కలిసిందన్నమాట. ఆ అంకెలు నడుస్తుండగా చెవిలో ఇంకా రింగే వినిపిస్తోందంటే అది మోసం. ఆ క్షణమే పెట్టేయండి.

ఇక డబ్బు ఎవరికి పోతోంది? మీ కాల్ విదేశానికి వెళ్లాలంటే మీ కంపెనీ ఒక అంతర్జాతీయ సంస్థకు అప్పగిస్తుంది, అది ఇంకొకరికి, చివరికి ఆ దేశపు నెట్‌వర్క్‌కు. తమ గడప దాకా కాల్‌ను చేర్చినందుకు ఆ చివరి నెట్‌వర్క్ నిమిషానికి ఇంత అని వసూలు చేస్తుంది. అమెరికాకు ఈ రేటు చాలా తక్కువ. కొన్ని చిన్న దేశాలకు, ద్వీపాలకు, ఉపగ్రహ ఫోన్లకు చాలా ఎక్కువ. అలా ఎక్కువ రేటున్న నంబర్లను కొందరు గుత్తకు తీసుకుంటారు. వాటికి ఎన్ని నిమిషాల కాల్స్ వస్తే అంత వాటా వాళ్లకు ముడుతుంది. ఇంకా విచిత్రం ఏమిటంటే, ఆ కాల్ చాలాసార్లు ఆ దేశం దాకా వెళ్లనే వెళ్లదు. మధ్యలోని ఒక సంస్థ దాన్ని దారి మళ్లించి తన దగ్గరే ఎత్తించుకుంటుంది. బిల్లులో పేరు పడిన ఆ దేశానికి ఈ కాల్ సంగతే తెలియకపోవచ్చు.

ఇప్పుడు ఒక్క రింగు ఎందుకో చూడండి. ఎత్తని కాల్‌కు ఛార్జీ లేదు కాబట్టి మిస్డ్ కాల్ ఇవ్వడానికి వాళ్లకు దాదాపు ఖర్చే లేదు. యంత్రం వరసగా వేల నంబర్లకు ఒక్కో రింగు ఇచ్చి పెట్టేస్తుంది. మీరు పొరపాటున ఎత్తితే వాళ్లకే నష్టం, అందుకే ఎత్తే వ్యవధి ఇవ్వరు. ఒక లెక్క వేసుకుందాం. లక్ష మందికి రింగు ఇచ్చారనుకోండి, వెయ్యికి ఐదుగురు తిరిగి చేశారనుకోండి. 500 మంది, తలా మూడు నిమిషాలు అంటే 1500 నిమిషాలు. నిమిషానికి వాళ్లకు 20 రూపాయలు మిగిలినా 30,000 రూపాయలు. మిగతా 99,500 మంది పట్టించుకోకపోయినా వాళ్లకు గిట్టుబాటే.

దీనికి జపాన్‌లో పెట్టిన పేరు వాన్‌గిరి. వాన్ అంటే వన్, గిరి అంటే కోసేయడం. ఒక్క రింగు ఇచ్చి కట్ చేయడం. 2002లో ఒసాకా ప్రాంతంలో ఈ కాల్స్ ఎంతగా వచ్చిపడ్డాయంటే అక్కడి టెలిఫోన్ లైన్లే స్తంభించాయి. తర్వాత ఇది దేశాలు దాటింది. 2019 మే నెలలో అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ప్రజలను హెచ్చరించింది. న్యూయార్క్, అరిజోనా రాష్ట్రాల్లో అర్ధరాత్రిళ్లు వరసగా మిస్డ్ కాల్స్ వచ్చాయి. అవి 222తో మొదలయ్యాయి. అది పశ్చిమ ఆఫ్రికాలోని మారిటేనియా కోడ్.

టీచరమ్మ గారి నంబరు దగ్గరికి మళ్లీ వద్దాం. మనవాళ్లు ఎక్కువగా పడే గుంట అదే. +1 అంటే అమెరికా అని మనం అనుకుంటాం. అది అమెరికా ఒక్కదానిదే కాదు. కెనడాతో పాటు కరీబియన్ ద్వీపాలు చాలా అదే +1 కింద ఉన్నాయి. తర్వాత వచ్చే మూడు అంకెలే అసలు చిరునామా. 214, 469 అయితే డల్లాస్. 876 అయితే జమైకా. 473 గ్రెనడా, 809 డొమినికన్ రిపబ్లిక్, 268 ఆంటిగ్వా. మీరు వేయించుకున్న అమెరికా ఐఎస్‌డీ ప్యాక్ ఈ ద్వీపాలకు వర్తిస్తుందని అనుకోకండి, టెలికాం కంపెనీల రేట్ల పట్టికల్లో వీటికి మామూలుగా విడి వరస ఉంటుంది. పిల్లల దగ్గరికి వెళ్లి అక్కడి సిమ్ వాడేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. అక్కడి నుంచి జమైకాకు చేయడానికి విదేశీ కోడ్ ఏమీ కొట్టనక్కర్లేదు, పక్క రాష్ట్రానికి చేసినట్టే ఉంటుంది. బిల్లు మాత్రం విదేశీ కాల్‌దే.

ఇంకో తికమక మన ఊళ్ల కోడ్‌లతో వస్తుంది. 040 హైదరాబాద్. +40 మాత్రం రొమేనియా. 0866 విజయవాడ, 0863 గుంటూరు. +86 అయితే చైనా. మన మొబైల్ నంబర్లు 92తో, 94తో మొదలవుతాయి కాబట్టి +92, +94 చూసి మనదేశమే అనుకునేవాళ్లున్నారు. అవి పాకిస్తాన్, శ్రీలంక. మనది +91, ఆ తర్వాత పది అంకెలు. ప్లస్ పక్కన 91 లేకపోతే అది మన దేశపు నంబరు కాదు.

భయాలు కూడా చాలా ఉన్నాయి, వాటిలో కొన్ని తీసేయాలి. మిస్డ్ కాల్ వచ్చినంత మాత్రాన డబ్బు పోదు. తిరిగి చేస్తే ఫోన్‌లోని కాంటాక్టులన్నీ దొంగిలిస్తారని, సిమ్ కాపీ అవుతుందని వాట్సాప్‌లో తిరిగే మాట నిజం కాదు. మామూలు కాల్‌తో పోయేది కాల్ ఛార్జీయే. ప్రీపెయిడ్ వాళ్లకు ఇంకొంచెం రక్షణ ఉంది. మీ అపరిమిత ప్లాన్ దేశంలోని కాల్స్‌కే. విదేశీ కాల్ మెయిన్ బ్యాలెన్స్ నుంచి పోతుంది, అందులో ఏమీ లేకపోతే కాల్ కలవదు. అడ్డు లేనిది పోస్ట్‌పెయిడ్ వాళ్లకు, ఇంకా విదేశాల్లో రోమింగ్‌లో ఉన్నవాళ్లకు.

వాట్సాప్ మిస్డ్ కాల్ వేరే జాతి. 2023లో +84, +62, +254 లాంటి కోడ్‌లతో మనవాళ్లకు కుప్పలుగా వచ్చాయి. వియత్నాం, ఇండోనేషియా, కెన్యా కోడ్‌లవి. వాట్సాప్ కాల్ ఇంటర్నెట్ మీద పోతుంది, నిమిషాల వాటా లేదు. తిరిగి చేస్తే ఛార్జీ పడదు కానీ, ఇంట్లో కూర్చుని సంపాదించే ఉద్యోగమంటూ మాటల్లోకి దింపుతారు. దాని జోలికీ పోవద్దు, కానీ రెండూ ఒకటే అనుకోవద్దు.

తిరిగి చేసేసినవాళ్లు ఏం చేయాలి? వెంటనే పోస్ట్‌పెయిడ్ యాప్‌లో ఇంకా బిల్లు కాని వాడకం ఎంతో చూడండి. కస్టమర్ కేర్‌కు ఫిర్యాదు చేసి ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి. వాళ్లు కాదంటే అదే కంపెనీలో అప్పీలు అధికారి ఉంటారు, అక్కడికి వెళ్లండి. కానీ నిజం చెప్పాలి, డబ్బు వెనక్కి రావడం కష్టం. కాల్ మీ ఫోన్ నుంచే వెళ్లింది, మీ కంపెనీ కూడా అవతలి సంస్థకు బాకీ పడింది. టీచరమ్మ గారికి కూడా రాలేదు. కొడుకు అక్కడి నుంచి ఫోన్ చేసి ఓదార్చాడు గానీ, ఆ రాత్రి రెండున్నర నుంచి తెల్లారేదాకా ఆమె పడిన ఆందోళనే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఆ తర్వాత ఆమె మూడు పనులు చేశారు. ఐఎస్‌డీ కాల్స్ ఆపేయమని కంపెనీకి చెప్పారు. దానివల్ల పిల్లల కాల్స్ రావడం ఆగదు, వాట్సాప్ కూడా ఆగదు. కొడుకు, కోడలు, అక్కడి ఒక స్నేహితుడి నంబర్లు +1తో సహా పేర్లు పెట్టి సేవ్ చేశారు. తెలియని నంబరు నుంచి చేయాల్సి వస్తే ముందు ఒక మెసేజ్ పెట్టమని కొడుకుతో మాట తీసుకున్నారు. ఇప్పుడు ఏ రాత్రి ఒక్క రింగు మోగినా ఆమె ఆ నంబరుకు చేయరు, కొడుకుకు వాట్సాప్‌లో చేస్తారు.

మీరు కూడా ఇప్పుడే ఫోన్లు తీసి కాల్ జాబితా చూడండి. ప్లస్ పక్కన 91 కానిది, పిల్లలది కానిది ఏదైనా కనిపిస్తే మొదటి నాలుగంకెలు కాగితం మీద రాసుకుని రండి. నేను టీ దగ్గరే కూర్చుంటాను, అది ఏ దేశానిదో చూద్దాం.