తూ. 3-4 రో.

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, కోనసీమ రైతు సోదరులకు నమస్కారం. నన్ను కాలవ పూడికతీత గురించి రెండు ముక్కలు చెప్పమన్నారు. చెబుతాను. దానికన్నా ముందు మన మీటింగు పుస్తకం గురించి చెప్పాలి.

ఒక దాళ్వాలో నీటి వంతులు తేల్చిన మీటింగులో రాసుకున్న పేజీని ఎవరో ఫోన్లో ఫొటో తీసి పంపారు. అందులో ఒక వరుస: "తూ.3-4 రో." దాన్ని శుభ్రంగా తిరగరాసినాయన "తూర్పు బోదెకు మూడు నాలుగు రోజులు నీరు" అని పూర్తి వాక్యం చేశారు. చక్కటి వాక్యం కదా, ఎవరికీ అనుమానం రాలేదు. లస్కరు ఆ ప్రకారమే నీరు తిప్పాడు. మీటింగులో తేల్చింది మాత్రం మూడో నంబరు తూముకు నాలుగు రోజులని. ఆ తూము కింద శివారున మా తమ్ముడి చేను పొట్ట మీద ఉంది. ఎండిపోయింది. ఆ పేజీ రాసినాయన ఇల్లు రెండు వీధుల అవతలే. ఒక్కరూ వెళ్లి అడగలేదు!

అప్పటి నుంచి నేను ఇలా చేస్తున్నాను. ముందు ఫొటోలో ఉన్నది ఉన్నట్టు, చుక్కలతో సహా, ఎడమ పక్క రాస్తాను. విడమరచిన వాక్యం కుడి పక్క. నా ఊహ ఎంతవరకో అంతవరకు చదరపు బ్రాకెట్లో పెట్టి ప్రశ్నార్థకం వేస్తాను: "[తూము] [?] 3కు 4 రోజులు". ఊహకు ఆధారం అదే పేజీలో వెతుకుతాను. కింద "ప.బో." అని జత ఉంటే తూర్పు కావచ్చు. "తూ.1", "తూ.2" వరుసగా ఉంటే తూము కావచ్చు. అయినా ఆ "ప" నిజంగా "ప"నా, "వ"నా? మడత నీడ పడితే తలకట్టు అక్షరానికి అతుక్కుందో లేదో కనపడదు, అప్పుడు పడమర కాస్తా వరి అవుతుంది. "సా.6" కూడా అంతే, సాయంత్రం ఆరు గంటలో, సార్వాకు ఆరో. అంకెలు, తేదీలు, మనుషుల పేర్లు మాత్రం ఊహించి నింపను. ఖాళీగానే వదిలేస్తాను.

రాసినాయన్ని అడిగేటప్పుడు "తూర్పేగా అండీ?" అనకండి. పనిలో ఉన్నవాడు ఊ అనేస్తాడు. మా తమ్ముడి చేను గుర్తొచ్చి మళ్లీ చెబుతున్నాను, అలా అడగకండి. ఫొటో ముందు పెట్టి "ఇది తూర్పా, తూమా?" అని రెండూ చెప్పి అడగండి. ఆయన చెప్పాకే బ్రాకెట్ తీసేసి, పక్కన ఆయన చేత పొడి సంతకం పెట్టించండి. వారం దాటితే రాసినవాడికీ గుర్తుండదు. అందుకే ఆ రాత్రికో, మర్నాటికో అడిగేయాలి.

ఇక పూడికతీత. నిన్నటి మీటింగు పేజీ నా దగ్గరుంది, "పూ. ల.2 మం." అని ఉంది. రాసిన బాబాయిగారు ముందు వరుసలోనే కూర్చున్నారు. బాబాయిగారూ, మంజూరైంది లస్కర్లు ఇద్దరా, లక్షలు రెండా?