పదిహేనో రోజు ఏమవుతుంది?

శ్రోతలకు నమస్కారం.

సాయంత్రం పూట మా ఊరి గ్రంథాలయంలో గ్రూప్స్ రాసే పిల్లలు కూర్చుని చదువుకుంటూ ఉంటారు. వాళ్లకు పాలిటీలో సందేహాలు వస్తే చెప్పడం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. ఆ మధ్య ఒకమ్మాయి నమూనా పరీక్ష పేపరు పట్టుకుని వచ్చింది. ముఖం బాగా వాడిపోయి ఉంది. "సార్, ఈ బిట్ నాకు వచ్చు సార్. మూడుసార్లు చదివాను. అయినా తప్పు పెట్టాను" అంది.

తన బిట్ బ్యాంకు తెరిచి చూపించింది. అందులో ప్రశ్న ఇది: "ద్రవ్య బిల్లును రాజ్యసభ ఎన్ని రోజుల్లోగా లోక్‌సభకు తిరిగి పంపాలి?" ఆప్షన్లు 7, 14, 21, 30. కీలో జవాబు బి, అంటే 14. ఆ అమ్మాయి పక్కన పెన్సిల్‌తో "ద్రవ్య బిల్లు, రాజ్యసభ, 14" అని రాసుకుని చుట్టూ గుండ్రంగా గీసుకుంది కూడా.

నమూనా పరీక్షలో వచ్చింది మాత్రం ఇలా ఉంది: "లోక్‌సభ ఆమోదించిన ద్రవ్య బిల్లు రాజ్యసభకు చేరింది. 14 రోజులు గడిచినా రాజ్యసభ దాన్ని తిరిగి పంపలేదు. అప్పుడు ఏమవుతుంది?" మొదటి ఆప్షన్, బిల్లు రద్దవుతుంది. రెండోది, రాష్ట్రపతి ఉభయ సభల సంయుక్త సమావేశం పిలుస్తారు. మూడోది, లోక్‌సభ ఆమోదించిన రూపంలోనే రెండు సభలూ ఆమోదించినట్టు భావిస్తారు. నాలుగోది, రాజ్యసభకు మరో 14 రోజుల గడువు ఇస్తారు.

ఆ అమ్మాయి సంయుక్త సమావేశం పెట్టింది. సరైనది మూడోది.

"సంయుక్త సమావేశం ఎందుకు పెట్టావమ్మా?" అని అడిగాను. "రెండు సభలకూ పడకపోతే 108వ అధికరణ కింద సంయుక్త సమావేశం అని ఇంకో బిట్‌లో ఉంది కదా సార్" అంది. నిజమే, ఆ బిట్ కూడా ఉంది. దాని జవాబు కూడా ఆ అమ్మాయికి కంఠతా వచ్చు. చిక్కల్లా అక్కడే ఉంది. రెండు బిట్లూ వచ్చు, రెండిటికీ మధ్య ఉన్న గోడ కనబడలేదు. 108వ అధికరణే స్పష్టంగా చెబుతుంది, ఇది ద్రవ్య బిల్లులకు వర్తించదని. ఆ మాట కీలో ఉండదు. కీలో ఉండేది ప్రశ్న సంఖ్య, దాని పక్కన ఒక అక్షరం. అంతే.

ఆ రోజు నేను ఆ అమ్మాయితో వేరే అధికరణలు ఏవీ తెరిపించలేదు. ఒక్కటే అడిగాను. "పద్నాలుగు రోజులు సరే. పదిహేనో రోజు ఏమవుతుంది?" కాసేపు ఆలోచించి, "తెలియదు సార్" అంది. తెలియకపోవడంలో ఆ పిల్ల తప్పేమీ లేదు. 14 అనే అంకె ఎందుకు పుట్టిందో ఎవరూ చెప్పలేదు.

దాని వెనకున్న కారణం ఒక్క ముక్కలో చెప్పవచ్చు. ప్రజలు నేరుగా ఎన్నుకునేది లోక్‌సభను. పన్నులు వేయడం, ఖజానాలో డబ్బు ఖర్చు పెట్టడం వంటి విషయాల్లో చివరి మాట ఆ సభదే కావాలని రాజ్యాంగ నిర్మాతలు అనుకున్నారు. అందుకని ద్రవ్య బిల్లు విషయంలో రాజ్యసభకు సలహా చెప్పే హక్కే తప్ప అడ్డుకునే హక్కు లేదు. సలహా చెప్పడానికి ఇచ్చిన గడువే ఆ 14 రోజులు.

ఈ కారణం చేతిలో ఉంటే ప్రశ్నను ఎన్ని రకాలుగా తిప్పి అడిగినా జవాబు దానంతటదే వస్తుంది. ద్రవ్య బిల్లును రాజ్యసభ తిరస్కరించగలదా? సలహా చెప్పేవాళ్లు తిరస్కరించలేరు. సవరించగలదా? సవరించలేదు, సవరణలు సిఫార్సు చేయగలదు. ఆ సిఫార్సులను లోక్‌సభ ఒప్పుకోవాలా? ఒప్పుకోవచ్చు, మానవచ్చు. గడువులోగా ఏ సలహా చెప్పకపోతే? సలహా ఏమీ లేదనే లెక్క, బిల్లు ఆమోదం పొందినట్టే. సంయుక్త సమావేశం ఎందుకు లేదు? ఇద్దరికీ సమానమైన బలం ఉన్నచోట ప్రతిష్టంభన వస్తుంది. ఇక్కడ ఆ సమానత్వమే లేదు. అయిదు ప్రశ్నలు, ఒక్కటే కారణం. కీ చూసి బట్టీ పట్టినవాళ్లకు మాత్రం ఇవి అయిదు వేర్వేరు బిట్లు.

ఇదే బిట్‌ను పరీక్షలో మరో రూపంలోనూ చూశాను. "ద్రవ్య బిల్లుకు సంబంధించి కింది వాటిలో సరికానిది ఏది?" అని అడిగి, ఆప్షన్లలో ఒకటి "రాజ్యసభ 14 రోజుల్లోగా తిరిగి పంపాలి" అని ఇస్తారు. 14 కనబడగానే బట్టీ పట్టిన చెయ్యి ఆగదు. తెలిసిన అంకె కదా, బబుల్ నింపేస్తుంది. ఆ వాక్యం నిజమే. నిజం కాబట్టే అది జవాబు కాదు. అడిగింది సరికానిది కదా. ఏపీపీఎస్సీ పరీక్షల్లో తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోత ఉంటుంది. అంటే వచ్చు అనుకున్న బిట్ మార్కు తేకపోగా, ఉన్నదాంట్లోంచి కొంత పట్టుకుపోతుంది. అసలు రానివాళ్లయితే ఆ ప్రశ్న వదిలేసి ఉండేవాళ్లు.

ప్రశ్న మారకుండా పేరు ఒక్కటి మారినా ఇబ్బందే. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ శాసనమండళ్లు ఉన్నాయి. ద్రవ్య బిల్లు మీద మండలికి ఇచ్చిన గడువు కూడా 14 రోజులే, అది 198వ అధికరణలో ఉంది. ఇక్కడిదాకా బట్టీ పట్టినవాళ్లు బయటపడతారు. తర్వాత "సాధారణ బిల్లుపై శాసనసభకూ మండలికీ ఏకాభిప్రాయం కుదరకపోతే?" అని అడిగితే చాలామంది సంయుక్త సమావేశమే పెడతారు. రాష్ట్రాల్లో సంయుక్త సమావేశం అనే ఏర్పాటే లేదు. మండలి మొదటిసారి 3 నెలలు, శాసనసభ మళ్లీ ఆమోదించి పంపితే ఇంకో నెల ఆపగలదు, ఆపై శాసనసభ మాటే నిలుస్తుంది. రాజ్యసభకు సాధారణ బిల్లుల మీద ఉన్న బలం మండలికి లేదని తెలిసినవాళ్లకు ఇది అర్థమవుతుంది.

మన మనసు ప్రశ్నలను ఎలా గుర్తుపెట్టుకుంటుందో 1981లో మిషెలిన్ చీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మరో ఇద్దరు పరిశోధకులతో కలిసి ఒక అధ్యయనంలో చూపించారు. భౌతికశాస్త్రం లెక్కలు కొన్ని ఇచ్చి, ఒకేలా ఉన్నవాటిని ఒకచోట పెట్టమన్నారు. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు బొమ్మను బట్టి పెట్టారు. వాలు తలం ఉన్నవన్నీ ఒక కుప్ప, స్ప్రింగు ఉన్నవన్నీ ఇంకో కుప్ప. బాగా తెలిసినవాళ్లు ఏ సూత్రంతో ఆ లెక్క తేలుతుందో చూసి పెట్టారు. కీ బట్టీ పట్టడమంటే బొమ్మను బట్టి కుప్పలు వేయడమే. పేపరు తయారుచేసేవారు ముందుగా మార్చేది ఆ బొమ్మనే.

లెక్కల్లో ఇది ఇంకా స్పష్టంగా కనబడుతుంది. అందరికీ తెలిసిన బిట్ ఒకటి ఉంది. "చక్కెర ధర 25 శాతం పెరిగింది. ఖర్చు పెరగకుండా ఉండాలంటే వాడకం ఎంత శాతం తగ్గించాలి?" కీలో జవాబు 20 శాతం. మన ఇంట్లో లెక్కగా చూద్దాం. కిలో 40 రూపాయలున్నప్పుడు 200 రూపాయలకు 5 కిలోలు వస్తాయి. ధర 25 శాతం పెరిగి 50 రూపాయలైంది. అదే 200కు ఇప్పుడు 4 కిలోలే. అయిదింటిలో ఒకటి తగ్గింది, కాబట్టి 20 శాతం.

ఇప్పుడు పరీక్షలో "ఒకరి జీతం ఇంకొకరి జీతం కంటే 25 శాతం ఎక్కువ. రెండోవారి జీతం మొదటివారి కంటే ఎంత శాతం తక్కువ?" అని అడిగారు. చక్కెరా లేదు, ఖర్చూ లేదు. కానీ 40, 50 అనే ఆ రెండు అంకెలే ఇక్కడా ఉన్నాయి. 50 నుంచి చూస్తే 40 అనేది 10 తక్కువ. యాభైలో పది, మళ్లీ 20 శాతమే. బట్టీ పట్టినవాళ్లు ఇది కొత్త లెక్క అనుకుని వదిలేస్తారు.

తర్వాత ఇంకోటి. "చక్కెర ధర 25 శాతం తగ్గింది. అదే ఖర్చుతో ఎంత శాతం ఎక్కువ కొనవచ్చు?" ఇక్కడ చక్కెర ఉంది, 25 శాతం ఉంది. పాత బిట్టే అనిపిస్తుంది. కళ్లు మూసుకుని 20 పెట్టేస్తారు. 40 రూపాయల ధర 30 అయింది. అదే 5 కిలోల డబ్బుకు ఇప్పుడు ఆరు కిలోల ముప్పాతిక కంటే కొంచెం తక్కువ వస్తుంది. సరైన జవాబు 33⅓ శాతం. వేషం మారిన పాత లెక్కను వదిలేసి, పాత వేషంలో వచ్చిన కొత్త లెక్కకు పాత జవాబు పెట్టారు. రెండు చోట్లా వాళ్లు చూడనిది ఒక్కటే: ఎంతలో ఎంత?

వట్టి కీ సరిపోయే బిట్లు లేవని అనను. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన తేదీ 1950 జనవరి 26. దీని వెనక కారణం తెలిసినా తెలియకపోయినా ఆ తేదీ గుర్తుంటే మార్కు వస్తుంది. అక్కడా ఒక్క మాట మార్చి, రాజ్యాంగాన్ని ఆమోదించిన తేదీ అడిగారంటే జవాబు 1949 నవంబర్ 26. ఇలాంటి జంటలను మాత్రం పక్కపక్కన పెట్టి గుర్తుపెట్టుకోవాల్సిందే.

కీ తప్పు కూడా కావచ్చు. సర్వీస్ కమిషన్లే ముందు ప్రాథమిక కీ ఇచ్చి, అభ్యంతరాలు తీసుకుని, ఆ తర్వాత తుది కీ ఇస్తాయి. బజారులో దొరికే బిట్ బ్యాంకుకు అభ్యంతరం చెప్పేవాళ్లు ఎవరు? కారణం తెలిసినవాళ్లు దాన్ని పట్టుకుంటారు. అక్షరం మాత్రమే తెలిసినవాళ్లు ఆ తప్పును పరీక్ష హాలుదాకా మోసుకెళ్తారు.

ఆ అమ్మాయికి నేను చెప్పిన పని ఒక్కటే. కీలో ఉన్న సరైన ఆప్షన్‌ను వదిలేసి, మిగిలిన మూడు తప్పు ఆప్షన్ల పక్కన ఒక్కో వాక్యం రాయమన్నాను. ఇది ఏ ప్రశ్నకైతే సరైన జవాబు అవుతుంది? సంయుక్త సమావేశం అనే ఆప్షన్ పక్కన "సాధారణ బిల్లు, రెండో సభ తిరస్కరిస్తే, లేదా 6 నెలలు దాటినా ఆమోదించకపోతే" అని రాయాలి. రాయలేకపోయిన చోట పుస్తకం తెరవాలి. ఇలా చేస్తే రోజుకు వంద బిట్లు అవవు. ఇరవై అయితే ఎక్కువ. మొదటి వారం ఆ అమ్మాయి చాలా కంగారు పడింది, స్నేహితులు పుస్తకాలు పూర్తి చేసేస్తున్నారని.

నెల తిరిగాక మళ్లీ వచ్చింది. ఈసారి చేతిలో పేపరు లేదు, నోటుపుస్తకం ఉంది. "సార్, ద్రవ్య బిల్లును రాష్ట్రపతి పునఃపరిశీలనకు తిరిగి పంపగలరా?" అని అడిగి, నేను నోరు విప్పేలోపే తనే చెప్పింది. "111వ అధికరణ ప్రకారం పంపలేరు సార్. ఆయన ముందే సిఫార్సు చేస్తేనే కదా సభలోకి వచ్చింది."

అది ఏ బిట్ బ్యాంకులో చదివావని అడిగాను. "చదవలేదు సార్, ఆలోచిస్తే అలాగే ఉండాలనిపించింది, తర్వాత చూసి సరిచూసుకున్నాను" అంది.

సెలవు. నమస్కారం.