ఆరా, ఎనిమిదా, పదా? 1200×1000 పాలెట్‌పై పెట్టెల లెక్క | రివ్యూ

నమస్కారం. మన గోదాముల్లో ఎక్కువగా కనిపించే 1200 బై 1000 మిల్లీమీటర్ల పాలెట్ ఒకటి తీసుకున్నాను. దాని మీదకు 5 ప్లై అట్టపెట్టె. ఈ పెట్టెను ఎన్ని రకాలుగా పేర్చవచ్చు, ఏ రకం నిలబడుతుంది, ఏది కూలుతుంది అన్నదే ఈ రోజు రివ్యూ.

పెట్టెల తయారీదారు ఇచ్చిన కొటేషన్‌లో కొలత 400 బై 300 బై 250 అని ఉంది. దీన్ని ఏ పాలెట్ క్యాలిక్యులేటర్‌లో వేసినా ఒక పొరకు 10 పెట్టెలు అని చెబుతుంది. 1000 వైపు 300, 300, 400 చొప్పున మూడు వరుసలు. మొదటి రెండు వరుసల్లో మూడేసి, మూడో వరుసలో పెట్టెలను అడ్డం తిప్పి నాలుగు. మిల్లీమీటరు కూడా మిగలదు. చూడడానికి ఎంత ముచ్చటగా ఉందో!

అయితే కొటేషన్‌లో రాసేది సాధారణంగా లోపలి కొలత. సరుకు పట్టాలి కాబట్టి తయారీదారు లోపలి నుంచే లెక్క మొదలుపెడతాడు. 5 ప్లై అట్ట మందం సుమారు 6 మిల్లీమీటర్లు ఉంటుంది, రెండు గోడలకు కలిపి 12. అంటే బయటి కొలత 412 బై 312. ఎత్తు కూడా 260 దాటుతుంది గానీ, లెక్క సులువుగా ఉండడానికి 260 అనుకుందాం.

ఇప్పుడు అదే పదింటి అమరికను మళ్లీ కొలుద్దాం. నాలుగు పెట్టెల వరుస పొడవు 312 ఇంటూ 4, అంటే 1248. పాలెట్ పొడవు 1200. రెండు వైపులా 24 మిల్లీమీటర్ల చొప్పున పెట్టె గాల్లో ఉంటుంది. వెడల్పు 1036 అయింది, అక్కడ 18 చొప్పున. దీనినే ఓవర్‌హ్యాంగ్ అంటారు.

ఓవర్‌హ్యాంగ్ అసలు వద్దంటే ఎన్ని పడతాయి? చాలామంది ఎక్సెల్‌లో రాసుకునే సూత్రం ఇది:

```
=INT(1200/412)*INT(1000/312)
```

జవాబు 6. పెట్టెలను అడ్డం తిప్పి లెక్కించినా మళ్లీ ఆరే వస్తుంది. ఈ సూత్రంలో లోపం ఏమిటంటే, పెట్టెలన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉన్నాయని అది అనుకుంటుంది. 412 వెడల్పుతో రెండు నిలువు వరుసలు పెట్టాక 1200లో ఇంకా 376 మిగిలి ఉంది. అక్కడ పెట్టెను తిప్పితే 312 పడుతుంది. ఆ మూడో వరుసలో ఒకదాని వెనుక ఒకటిగా రెండు పెట్టెలు పెట్టవచ్చు. మూడు, మూడు, రెండు: మొత్తం ఎనిమిది. తొమ్మిదోది పడుతుందేమోనని తంటాలు పడనక్కరలేదు. 1000 వైపు ఎలా పేర్చినా, పెట్టెలు నింపగలిగేది గరిష్ఠంగా 936 మాత్రమే. ఆ పట్టీని మొత్తం పొడవునా నింపినా తొమ్మిది పెట్టెలకు చాలినంత విస్తీర్ణం రాదు. కాబట్టి ఎనిమిదే హద్దు.

ఇక పేర్చే తీరుకు వద్దాం. అన్ని పొరలనూ ఒకే అమరికలో, మూల మీద మూల వచ్చేలా పెడితే కాలమ్ స్టాకింగ్. ఒక పొర విడిచి ఒక పొరను అటు నుంచి ఇటు తిప్పి, ఇటుకల గోడలా కలిపితే ఇంటర్‌లాక్. ఇక్కడ ఒక పొరపాటు తరచుగా వింటుంటాను. ఒకే పొరలో పెట్టెలు అడ్డంగా, నిలువుగా కలిసి ఉంటే అదే ఇంటర్‌లాక్ అనుకుంటారు. మన ఎనిమిదింటి అమరికను మార్చకుండా పొర మీద పొర పెట్టుకుంటూ పోతే అది కాలమ్ స్టాకింగే.

హమాలీలు ఇంటర్‌లాక్ చేయడానికే మొగ్గు చూపుతారు, కదలకుండా ఉంటుందని. ఆ మాట నిజమే. అయితే అట్టపెట్టె బరువు మోసేది ప్రధానంగా నాలుగు మూలలతో. గోడల మధ్య భాగం బరువు పడగానే బయటకు వంగిపోతుంది. ఇంటర్‌లాక్‌లో పై పెట్టె మూల వచ్చి కింది పెట్టె గోడ మధ్యలో కూర్చుంటుంది. అందుకే ప్యాకేజింగ్ చేతిపుస్తకాలు ఇంటర్‌లాక్‌తో పెట్టె బలంలో 40 నుంచి 60 శాతం పోతుందని లెక్క వేస్తాయి. ఓవర్‌హ్యాంగ్‌కు 20 నుంచి 40 శాతం. అక్కడ కింద చెక్కే లేని చోట మూల వేలాడుతుంది కదా.

అంకెలతో చూద్దాం. పెట్టె బరువు 12 కిలోలు, ఐదు పొరలు. పాలెట్ ఎత్తు 150 కలిపితే మొత్తం 1450. అట్టడుగు పెట్టె మీద నాలుగు పెట్టెలు, అంటే 48 కిలోలు. ప్రయోగశాల పరీక్షలో పెట్టె 300 కిలోలు మోసిందనుకుందాం. ఆ 300ను నమ్మి సరుకు పేర్చవద్దు. నెల రోజులు బరువు కింద ఉంటే సుమారు 40 శాతం తగ్గుతుంది, 180 మిగులుతుంది. విశాఖ లాంటి తీర ప్రాంతంలో గాలిలో తేమ 80 శాతం ఉంటే మరో మూడో వంతు దాకా పోతుంది. మిగిలేది సుమారు 122.

ఎనిమిదింటి కాలమ్‌కు ఆ 122 పూర్తిగా అందుతుంది. 48కి అది బాగానే సరిపోతుంది. అదే అమరికను ఇంటర్‌లాక్ చేస్తే సగం పోయి 61. గట్టెక్కినట్టే గానీ అంతరం పలుచన. పదింటి కాలమ్‌లో ఓవర్‌హ్యాంగ్‌కు 30 శాతం తీస్తే 85. పదింటిని ఇంటర్‌లాక్ కూడా చేశారా, 43. మోయాల్సింది 48. ఇక అది కూలడానికే పేర్చినట్టు.

పాలెట్ మీద పాలెట్ పెడితే ఫలితం ఇంకా మారుతుంది. పై పాలెట్ బరువుతో కలిపి అట్టడుగు పెట్టె మీద దాదాపు 111 కిలోలు పడతాయి. పదింటి కాలమ్ 85తో విఫలం. ఎనిమిదింటి కాలమ్ 122తో కాస్తలో నెగ్గుతుంది, కానీ వానాకాలంలో నేనైతే ఆ సాహసం చేయను.

ర్యాక్‌లో పెట్టేవారికి ఇంకో చిక్కు ఉంది. పక్కపక్క పాలెట్ల మధ్య సాధారణంగా వదిలే ఖాళీ 75 మిల్లీమీటర్లు. పదింటి అమరికలో పాలెట్ల పొట్టి వైపులు ఎదురెదురుగా ఉంటే చెరో 24 తినేస్తాయి, మిగిలేది 27. ఫోర్క్‌లిఫ్ట్ ఎంత నేర్పుగా నడిపినా ఎప్పుడో ఒకప్పుడు ఒక మూల చిరుగుతుంది.

నా ఓటు ఎనిమిదింటి కాలమ్‌కే. దాని లోపం కూడా చెప్పాలి: వరుసలు విడివిడి స్తంభాల్లా ఉంటాయి, లారీ బ్రేకు వేస్తే వాలుతాయి. అందుకే పై పొర ఒక్కదాన్ని తిప్పి పెట్టండి. దాని మీద బరువు ఉండదు, దాని కిందిదాని మీద కూడా ఒక్క పెట్టె బరువే. కట్టుబడి మాత్రం వస్తుంది. నాలుగు మూలలకు అట్ట కోణాలు పెట్టి, స్ట్రెచ్ ఫిల్మ్‌ను పాలెట్ చెక్కతో కలిపి చుట్టండి. మిగిలిన ఖాళీని అంచుల దగ్గర కాకుండా మధ్యలోకి తోయండి. మూడో వరుసలో రెండు పెట్టెలను అంచులకు జరిపితే వాటి నడుమ ఖాళీ పడుతుంది, చుట్టూ అంచు సరిగా ఉంటుంది, ఫిల్మ్ మూలలను లోపలికి లాగదు.

గోదాములో దెబ్బ తిన్న పాలెట్‌ను గుర్తుపట్టాలంటే అట్టడుగు పొరనే చూడండి. పెట్టె మూలల దగ్గర ఏటవాలుగా ముడతలు కనిపిస్తే అట్ట అలిసిపోయినట్టు.

పదే కావాలంటారా? అప్పుడు మార్చాల్సింది పెట్టెను. బయటి కొలత 400 బై 300 అని ఆర్డరులో స్పష్టంగా రాయండి. లోపల 388 బై 288 వస్తుంది, ఒక్కో పెట్టెలో చోటు 7 శాతం తగ్గుతుంది. అయినా పది పెట్టెల్లో పట్టేది పాత కొలతలో తొమ్మిది పెట్టెలకు పైనే, ఎనిమిదికి కాదు. లోపలి ప్యాకెట్లు ఆ 12 మిల్లీమీటర్ల కోతకు ఒప్పుకుంటాయో లేదో ముందు ఒక నమూనా పెట్టెలో పేర్చి చూసుకోవాలి. సరుకు నింపిన తర్వాత బయటి కొలతను టేపుతో మళ్లీ తీయండి. పిండిలా పొడి రూపంలో ఉండే సరుకైతే గోడలు ఉబ్బుతాయి, అక్కడ ఇంకో నాలుగైదు మిల్లీమీటర్లు పెరిగితే మళ్లీ ఎనిమిదికే వస్తారు.