వేపుడుకు ముందు చేప నీచు వాసన పోగొట్టడం ఎలా?

శ్రోతలకు నమస్కారం.

అప్పుడే నీళ్లలోంచి తీసిన చేపకు దాదాపు వాసనే ఉండదు. మనం నీచు వాసన అనేది చేప చచ్చిపోయాక పుట్టేది. సముద్రపు నీటి ఉప్పదనం ఒంట్లోని నీటిని లాగేయకుండా సముద్రపు చేపలు తమ కండలో ట్రైమిథైలమీన్ ఆక్సైడ్ అనే పదార్థాన్ని దాచుకుంటాయి. దానికి వాసన లేదు. చేప చచ్చాక చర్మం మీది జిగురులో, మొప్పల్లో, పేగుల్లో ఉండే బాక్టీరియా దాన్ని ట్రైమిథైలమీన్‌గా మారుస్తుంది. వంజరం, చందువ, కానాగంతలు కొన్నప్పుడు ముక్కుకు తగిలేది ఇదే. దీనిది క్షార గుణం, అంటే పులుపు తగిలితే లవణంగా మారి గాలిలోకి లేవడం మానేస్తుంది. నిమ్మకాయ, చింతపండు పనిచేసేది అందుకే.

మరి కైకలూరు, ఆకివీడు చెరువుల నుంచి వచ్చే శీలావతి, బొచ్చెల సంగతి వేరు. మంచినీటి చేపల కండలో ఆ పదార్థం చాలా తక్కువ. వాటిలో ఇబ్బంది పెట్టేది ఎక్కువగా బురద వాసన. చెరువులో పెరిగే నీలి ఆకుపచ్చ నాచు, అడుగు మట్టిలోని కొన్ని సూక్ష్మజీవులు జియోస్మిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. తొలకరి వానకు నేల నుంచి వచ్చే వాసన కూడా దానిదే. లీటరు నీటిలో గ్రాములో పది కోట్లవ వంతు ఉన్నా మన ముక్కు పసిగడుతుంది. చేప దాన్ని మొప్పల ద్వారా పీల్చుకుని కొవ్వులో నిల్వ చేసుకుంటుంది. కొవ్వులో చేరింది నీళ్లతో ఎంత కడిగినా పోదు. చేప బతికి ఉండగానే కొన్ని రోజులు శుభ్రమైన నీటిలో ఉంచితే తగ్గుతుంది కానీ అది రైతు చేతిలోని పని. వంటింట్లో మనం చేయగలిగింది కొవ్వు ఉన్న చోటు తగ్గించడం, పులుపు పట్టించడం.

వేపుడుకు తెచ్చిన ఒక కిలో శీలావతినే తీసుకుందాం. పని మొదలుపెట్టాల్సింది ముక్కలు కొయ్యకముందే. బతికి ఉన్న చేప కండలో బాక్టీరియా ఉండదు, అదంతా పైన జిగురులోనూ మొప్పల్లోనూ పేగుల్లోనూ ఉంటుంది. జిగురు పోకముందే ముక్కలు కోస్తే కత్తి ఆ జిగురును ప్రతి ముక్కకూ పూస్తుంది. బజారులో కోయించుకునేటప్పుడు జరిగేది తరచుగా ఇదే. అందుకే పొలుసు తీయించాక, కోయకముందు, చేపను ఒక్కసారి కడగమని అడగండి.

ఇంట్లో అయితే తోక వైపు నుంచి తల వైపుకు పొలుసు గీరి, గుప్పెడు కల్లుప్పుతో ఒళ్లంతా రుద్దండి. కల్లుప్పు గరుకుగా ఉండి జిగురును పట్టి లాగుతుంది, మెత్తటి ఉప్పు వెంటనే కరిగిపోతుంది. చేత్తో రాస్తే జారకుండా పట్టు దొరికేదాకా రుద్ది చన్నీళ్లతో కడగాలి. వేడినీళ్లు వద్దు, జిగురు ఉడికి చర్మానికి అంటుకుపోతుంది. కొర్రమీను లాంటి జారుడు చేపను బూడిదతో రుద్దడం పాత అలవాటు. పట్టుకు అది మంచిదే, కానీ బూడిదది క్షార గుణం కనుక అది మిగిలితే తర్వాత వేసే పులుపును చంపేస్తుంది. ఆనవాలు లేకుండా కడగాలి.

మొప్పలను పూర్తిగా తీసేయాలి. తల పులుసులో వేసుకునేవాళ్లు కూడా వాటిని ఉంచకూడదు. పొట్ట కోసేటప్పుడు కత్తి మొన లోతుగా దించకండి, కాలేయం పక్కన ఆకుపచ్చగా ఉండే పిత్తపు తిత్తి పగులుతుంది. పగిలితే వెంటనే ధారగా నీళ్లు పోసి, పచ్చగా మారిన మాంసాన్ని చెక్కి తీసేయాలి. ఆ చేదు వేపినా పోదు.

ఎక్కువమంది వదిలేసే చోటు ఇప్పుడు వస్తుంది. పొట్ట ఖాళీ చేశాక లోపల వెన్నుముల్లును ఆనుకుని పొర కింద ముదురు ఎరుపు గీత ఒకటి కనిపిస్తుంది. అది మూత్రపిండం, దాని నిండా నెత్తురే. నెత్తురు బాక్టీరియాకు మేత, పైగా అందులోని ఇనుము కొవ్వును త్వరగా ముక్కబెడుతుంది. కత్తి మొనతో ఆ పొరను పొడుగునా చీల్చి, బొటనవేలితో గాని పాత బ్రష్‌తో గాని కుళాయి ధార కింద తోమేయండి. కొన్ని చేపలకు పొట్ట లోపల నల్లటి పొర ఉంటుంది, దాన్నీ రుద్ది తీయాలి. బురద వాసన ఎక్కువగా ఉన్న చేపకైతే పొట్ట అంచున ఉండే కొవ్వు పట్టీని, చేప పక్కన తల నుంచి తోక దాకా కనిపించే గీత కింద ఉండే ఎర్ర మాంసాన్ని కోసి పారేయడమే మేలు. చర్మం తీసేస్తే ఇంకా నయం, కానీ అప్పుడు వేపుడులో ముక్క విరిగిపోతుంది. అందుకే నేనైతే చర్మం ఉంచి పొట్ట పట్టీ తీయమంటాను.

ఇప్పుడు ముక్కలు కోసి ఒక పెద్ద చెంచా ఉప్పు, అర చెంచా పసుపు పట్టించి ఐదు నిమిషాలు ఉంచి కడగండి. తర్వాత చిన్న నిమ్మకాయంత చింతపండును రెండు గ్లాసుల నీళ్లలో పిసికి, ఆ రసంలో ముక్కలను పది నిమిషాలు మునిగి ఉండేలా ఉంచండి. చింతపండు లేకపోతే అవే నీళ్లలో ఒక పెద్ద నిమ్మకాయ రసం. బురద వాసన చేపకైతే పుల్లటి మజ్జిగలో అరగంట ఉంచడం నాకు ఎక్కువ నమ్మకం. మజ్జిగ పులుపు మెత్తనిది కనుక అంతసేపు ముక్క తట్టుకుంటుంది. పులుపులో జియోస్మిన్ కొంతవరకు మారి వాసన కోల్పోతుంది, పూర్తిగా మాత్రం కాదు. చింతపండు రసంలో గంటలు గంటలు నానబెడితే ముక్క పైన తెల్లబడి, పెనం మీద పొడిపొడిగా రాలుతుంది. తెల్లబడటం మొదలైతే తీసేయాలని గుర్తు.

చివరిసారి కడిగాక ముక్కలను చిల్లుల గిన్నెలో పది నిమిషాలు నీళ్లు కారనిచ్చి, శుభ్రమైన పొడి గుడ్డతో అద్దండి. వాసన పదార్థాలు ముక్కను అంటుకున్న నీళ్లలో కరిగి ఉంటాయి, నూనెలో ఆ నీరు ఆవిరైనప్పుడు ఇల్లంతా పరుచుకుంటాయి. తడి ముక్క నూనెను చల్లార్చి పెనానికి అంటుకుంటుంది కూడా. ఆ తర్వాతే కారం, ఉప్పు, అల్లం వెల్లుల్లి పట్టించాలి. అంతకుముందు చేప వేపిన నూనె మళ్లీ వాడితే ఇంతసేపు చేసిన పనంతా వృథా.

ఈ పద్ధతి తాజా చేపకే. మొప్పలు గోధుమరంగుకు తిరిగి, కళ్లు లోపలికి పోయి, వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోతే ఆ చేపను ఏ పులుపూ బాగుచేయదు. సొరలాంటి చేపల్లో యూరియా ఉంటుంది, అది విరిగి ఘాటైన అమ్మోనియా వాసన వస్తుంటే కొనకండి. కానాగంతల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఎండలో ఉండిపోయిన వాటిలో హిస్టమిన్ పెరుగుతుంది. దానికి వాసన లేదు, వేపినా ఉడికించినా పోదు. తిన్న కాసేపటికి ముఖం ఎర్రబడటం, తలనొప్పి, దద్దుర్లు రావచ్చు. ఐసు మీద పెట్టి అమ్మేచోటే కొని, ఇంటికి చేరగానే ఫ్రిజ్‌లో పెట్టండి.

పని అయ్యాక చేతులు, కత్తి, ముక్కలు కోసిన చెక్క నీచు వాసన కొడుతుంటే ముందే సబ్బు రుద్దకండి. సబ్బుదీ క్షార గుణమే, వాసనను లేపుతుంది. ముందు చన్నీళ్లతో కడిగి, పిండేసిన నిమ్మ చెక్కతో రుద్ది, మళ్లీ కడిగి, ఆ తర్వాత సబ్బు వాడండి.